600 రూపాయల్లో సద్దిమూట: ఒకే ఆలోచన చుట్టూ గిఫ్ట్ హ్యాంపర్ కట్టుకోవడం ఎలా

మా పిన్నమ్మ కూతురు పెళ్లయి హైదరాబాద్ వెళ్లిన మూడు నెలలకి ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ రాగిపిండి దొరుకుతుంది గానీ సంగటి మాత్రం మనూరి మాదిరి కుదరడం లేదు" అంది. సంక్రాంతికి వాళ్లిద్దరూ తిరుపతి వచ్చినప్పుడు ఏమిద్దామా అని అప్పటికే ఆలోచిస్తున్నాను. ఆ ఒక్క మాటతో నాకు కావలసిన థీమ్ దొరికింది. ఆ సంక్రాంతికి నేను కట్టిన మూటనే ఇక్కడ వివరంగా చెబుతాను. మీరు ఇదే మూట కట్టుకోవచ్చు, పద్ధతి అర్థమైతే వేరే థీమ్‌తోనూ చేసుకోవచ్చు.

ముందు ఒక పూటని ఎంచుకోండి

"చిత్తూరు స్పెషల్స్" అన్నది థీమ్ కాదు. అలా మొదలుపెడితే బెల్లం, మామిడికాయ ఊరగాయ, శ్రీకాళహస్తి కలంకారీ సంచి, పలమనేరు మట్టిబొమ్మ, అన్నీ అందులోకి వచ్చేస్తాయి. దేనికి దానికే బాగుంటాయి, ఒకదానికీ ఒకదానికీ సంబంధం ఉండదు. డబ్బులు కూడా నిలవవు, ఎందుకంటే ఎక్కడ ఆపాలో ఆ థీమ్ మనకి చెప్పదు.

దానికి బదులు, తీసుకునేవాళ్లు ఒక పూట చేసుకునే ఒక పనిని ఎంచుకోండి. నేను ఎంచుకున్నది ఇది: ఇద్దరు మనుషులు, ఒక రాత్రి, వేడి సంగటి, చెనిక్కాయలతో నూరే ఊరిబిండి, చివర్లో బెల్లం నెయ్యి వేసుకున్న ఒక చిన్న ముద్ద. ఇక కొనబోయే ప్రతి వస్తువునీ ఒకే ప్రశ్న అడగాలి: "ఆ పూట ఇది చేతిలోకి వస్తుందా?" వస్తే ఉంచుకోండి. రాకపోతే, ఎంత అందమైనదైనా పక్కన పెట్టేయండి.

కలంకారీ ముక్క నాకు చాలా ఇష్టం, కానీ ఈ పరీక్షకి నిలవలేదు. ఊరగాయ కూడా నిలవలేదు, ఊరిబిండి ఉండగా రెండో పచ్చడి అవసరం లేదు. తిరుమల లడ్డూ పెట్టమని మా అమ్మ చెప్పింది. ప్రసాదాన్ని తెల్లగడ్డల పక్కన కట్టడం నాకు సరి అనిపించలేదు. అది విడిగా చేతికి ఇచ్చాం. మీరూ అలాగే చేయండి.

మా వైపు పొలానికి వెళ్లేవాళ్లు సంగటిని గుడ్డలో కట్టుకుని పోయేవాళ్లు. అదే సద్దిమూట. ఈ మాట తట్టగానే పెద్ద బుట్ట, పైన మెరిసే ప్లాస్టిక్ కవరు, రిబ్బను, ఈ మూడూ అక్కర్లేదని తేలిపోయింది. తువ్వాలే ప్యాకింగ్. నిజానికి చిన్న బడ్జెట్ మొత్తాన్ని తినేసేది ఈ పై హంగే. అంతకుముందు ఒకసారి నేను ముందుగా పెద్ద బుట్ట కొనేసి, అది వెలితిగా కనపడకూడదని అడుగున కాగితాలు కుక్కి, పైన అక్కర్లేని చాక్లెట్లు పేర్చాను. బుట్ట, కవరు కలిపి సగం డబ్బులు అయిపోయాయి. కాబట్టి పెట్టే పాత్రని ఎప్పుడూ చివర్లోనే కొనండి.

ఎంతెంత పెట్టాలి

కొలతలు అంచనాగా వేయకండి. ఒక పూటకి ఎంత కావాలో లెక్క వేసి, ఎన్ని పూటలో దాంతో గుణించండి. ఇద్దరికి ఒక పూట సంగటికి అర గ్లాసు సంగటి నూకలు, ఒక గ్లాసు రాగిపిండి, మూడు గ్లాసుల నీళ్లు పడతాయి. 200 మిల్లీలీటర్ల గ్లాసు అయితే పిండి సుమారు 120 గ్రాములు, నూకలు 90 గ్రాములు తూగుతాయి. ఊరిబిండికి ఒక గుప్పెడు చెనిక్కాయ గింజలు, అంటే దాదాపు 50 గ్రాములు, నాలుగైదు ఎండుమిరపకాయలు, గోలీకాయంత చింతపండు, మూడు నాలుగు తెల్లగడ్డ పాయలు సరిపోతాయి.

నేను నాలుగు పూటలకి సరిపెట్టాను. అంటే పిండి అర కిలో, నూకలు 400 గ్రాములు, గింజలు 200 గ్రాములు, మిరపకాయలు ఇరవై, చింతపండు 50 గ్రాములు, తెల్లగడ్డలు రెండు, బెల్లం పావు కిలో, నెయ్యి 100 మిల్లీలీటర్లు. ఇలా లెక్క వేసుకుంటే అన్నీ ఇంచుమించు ఒకేసారి అయిపోతాయి. రెండు కిలోల పిండి, దానికి ఒకే ఒక పూట పచ్చడి సామాను పెడితే ఆ పిండి నెలల తరబడి డబ్బాలో పడి ఉంటుంది, చివరికి పురుగు పడుతుంది. ఇచ్చినవాళ్లు ఎక్కువ ఇచ్చామనుకుంటారు, తీసుకున్నవాళ్లకి మాత్రం అది పారేయాల్సిన పిండి అవుతుంది.

సామాను తెచ్చేటప్పుడు

రాగులు కొని మరలో ఆడించడమే మంచిది, తాజాదనం వాసనలోనే తెలిసిపోతుంది. కానీ అర కిలో కోసం మరకి పోకండి. అంత కొంచెం వేస్తే మరలో అంతకుముందు మిగిలిన పిండి మనదాంట్లో బాగా కలుస్తుంది. కనీసం రెండు కిలోలు ఆడించి మిగతాది ఇంట్లో వాడుకోండి. రాళ్లు ఏరి, కడిగి, పూర్తిగా ఎండిన రాగులే తీసుకెళ్లండి. గింజని పంటికింద వేస్తే టక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే తడి ఉన్నట్టే.

అన్నిటికంటే ముఖ్యం: ఆడించిన పిండిని వెంటనే సంచిలో కట్టకండి. మర నుంచి పిండి వేడిగా వస్తుంది. వేడి మీద మూట కడితే లోపల చెమ్మ పట్టి, రెండు రోజుల్లో ఉండలు కడుతుంది, తరవాత బూజు వాసన వస్తుంది. నా మొదటి మూటలో జరిగింది ఇదే. ఆడించిన సాయంత్రమే కట్టేసి, ఇచ్చే ముందు రోజు విప్పి చూస్తే పిండి అరచేతిలో గడ్డలుగా వచ్చింది. మొత్తం పడేసి మళ్లీ ఆడించాను. ఇప్పుడు శుభ్రమైన పాత పంచె మీద పలచగా పరిచి, ఫ్యాను కింద కాకుండా నీడలో గంటా గంటన్నర వదిలేస్తాను. పిండి మధ్యలోకి వేలు పెడితే చల్లగా తగిలేదాకా కట్టను.

చెనిక్కాయ గింజలు పచ్చివే పెట్టండి, వేయించి పెట్టకండి. వేయించి పొట్టు తీసిన గింజలు చూడ్డానికి బాగుంటాయి గానీ త్వరగా పాత నూనె వాసన వేస్తాయి. ఊరిబిండి రుచంతా ఆ గింజల్లోనే ఉంది కాబట్టి, అవి కాస్త చేదైనా పచ్చడి మొత్తం చెడుతుంది. ఒక పళ్లెంలో పోసి ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు మచ్చ ఉన్నవి ఏరి పారేయండి. బూజు పట్టిన గింజలు ఆరోగ్యానికి హాని, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. 200 గ్రాములు ఏరడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలూ కేటాయించండి.

తయారుచేసిన ఊరిబిండి ఎందుకు పెట్టలేదని మా అత్తయ్య అడిగింది. నీళ్లు పోసి నూరిన పచ్చడి బయట ఒక రోజు కూడా సరిగా నిలవదు. అదీగాక, వేడి సంగటికి అప్పటికప్పుడు నూరిన పచ్చడే రుచి. అందుకే సామానుగా ఇవ్వడం మేలు.

బెల్లం కొనేటప్పుడు మరీ లేత పసుపు రంగుతో మెరిసేదాన్ని వదిలేయండి. రంగు తేలడానికి రసాయనం కలిపిన బెల్లం అలా ఉంటుంది. కాస్త నల్లగా, గోధుమరంగులో ఉన్నదే తీసుకోండి, ధర కూడా పెద్ద తేడా ఉండదు. పట్టుకుంటే వేలికి అంటుకునేంత మెత్తగా ఉంటే వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు కదా, ఆ రోజుల్లో బెల్లం గాలిలోని తడిని లాక్కుని కారుతుంది. అప్పుడు కాగితంలో కాకుండా మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో పెట్టండి. ఉప్పు అసలు పెట్టకండి, అది ప్రతి ఇంట్లో ఉంటుంది, మూటలో మాత్రం చెమ్మకి కారణమవుతుంది.

కట్టె

తినే సామాను అయిపోయాక కూడా నిలిచి ఉండేది ఇది. అందుకని ఈ మూటలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది సంగటి గెలికే కట్టె మీద. నగరంలో కాపురం పెట్టినవాళ్ల దగ్గర గరిటెలు ఎన్నో ఉంటాయి, ఇది మాత్రం ఉండదు. ఆ అమ్మాయికి సంగటి కుదరకపోవడానికి సగం కారణం కూడా ఇదే. సన్నటి స్టీలు గరిటెతో గెలికితే పిండి పక్కలకి జరుగుతుంది తప్ప నలగదు, లోపల తెల్లటి పొడి ఉండలు మిగిలిపోతాయి.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల కొయ్య సామాను అమ్మే దుకాణాల్లో చూడొచ్చు, లేదా తెలిసిన వడ్రంగితో చేయించుకోవచ్చు. అడుగుంపావు పొడవు చాలు. రంగు, వార్నిషు పూసింది కొనకండి, ఉడుకుతున్న సంగటిలో అది ఊడి తిండిలో కలుస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొయ్య వాసన రావాలి, పాలిష్ వాసన రాకూడదు. చివర నుంచి చివరకి అరచేతితో రుద్ది చూడండి, ఎక్కడైనా పేడు గుచ్చుకుంటే ఉప్పు కాగితంతో నున్నగా రుద్దండి. తరవాత కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నాలుగు చుక్కల చెనిక్కాయ నూనె గుడ్డతో పట్టించి ఒక రోజు ఉంచండి. నూనె పీల్చుకుని కట్టె రంగు ఒక్క మెట్టు ముదురుతుంది, నీళ్లు తగిలినా వెంటనే పగలదు.

మట్టి చట్టి కూడా పెట్టాలని మనసు లాగుతుంది. తిరుపతిలోనే ఇంటికి వెళ్లి చేతికి ఇచ్చేట్టయితే పెట్టండి. వేలి కణుపుతో కొట్టి చూసి, ఖంగుమని మోగితేనే కొనండి, మొద్దుగా మోగితే ఎక్కడో సన్నటి పగులు ఉంది. బస్సులోనో రైల్లోనో పోయే మూటలో మాత్రం వద్దు. అది పగిలితే చట్టి ఒక్కటే కాదు, పెంకు పొడి పిండిలో కలిసి అన్నీ పోతాయి.

నా ఖర్చు

నేను చేసినప్పటి ధరలివి, మీ బజారులో అటూ ఇటూ ఉంటాయి. రాగిపిండి ఆడించిన కూలితో కలిపి 35 రూపాయలు, నూకలు 20, గింజలు 35, మిరపకాయలు చింతపండు తెల్లగడ్డలు కలిపి 35, బెల్లం 20, నెయ్యి 80. తినే సామాను మొత్తం 225 అయింది. కట్టె 80, తువ్వాలు 110, వెదురు తట్ట 70, చిన్న సంచులు కుట్టించడానికి 40, కార్డుకి 10. అన్నీ కలిపితే 535. మిగిలిన 65 ఆటోలకి పోయింది.

ఇందులో ఎక్కువ ధర తువ్వాలుదే. అయినా అది దండగ ఖర్చు కాదు. నగరి మగ్గాల మీద నేసిన గళ్ల తువ్వాలు అది. మూట విప్పాక, సంగటి గెలికేటప్పుడు వేడి గిన్నెని కదలకుండా పట్టుకోవడానికి అదే పనికొస్తుంది. ఆ పూటలో దానికీ పని ఉంది. బడ్జెట్ ఇంకా తక్కువైతే ముందు తట్ట తీసేయండి, తరవాత నెయ్యి తీసేయండి. కట్టె, తువ్వాలు మాత్రం తీయకండి, అవి లేకపోతే మిగిలేది కిరాణా సామానే.

సంచులు, కార్డు

టైలరు దగ్గర మిగిలిన నూలుగుడ్డ ముక్కలు అడిగితే ఇస్తారు. 8 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ఉన్న ముక్కని మధ్యకి మడిచి రెండు పక్కలా కుట్టిస్తే అర కిలో పిండి పట్టే సంచి అవుతుంది. నాలుగు చాలు: పిండి, నూకలు, గింజలు, మిరపకాయలు. పిండి సంచి లోపల ఒక పలచటి ప్లాస్టిక్ కవరు వేయండి, లేకపోతే గుడ్డ నేతలోంచి పిండి రాలి మూటంతా దుమ్ము అవుతుంది. చింతపండుకీ కవరు వేయాలి, అది గుడ్డకి అంటుకుని తడి మరక చేస్తుంది. తెల్లగడ్డల్ని కవరులో బిగించకండి, గాలాడక చెమ్మ పడతాయి. వాటిని కాగితంలో చుట్టి మిరపకాయల సంచిలో పెట్టండి, బెల్లం పక్కన పెట్టకండి. ఒకసారి నేను పక్కపక్కనే పెడితే బెల్లానికి తెల్లగడ్డ వాసన పట్టి, దాన్ని పాయసంలోకి కూడా వాడలేకపోయాం.

కార్డు మీద శుభాకాంక్షలు ఒక్క ముక్కలో రాసి, మిగతా చోటంతా ఎలా వండాలో రాయండి. మొదటిసారి నేను "తగినన్ని నీళ్లు" అని రాశాను. వండడం వచ్చినవాళ్లకి అది అర్థమవుతుంది, రానివాళ్లకి టెన్షనే. ఇప్పుడు ఇలా రాస్తున్నాను:

"ఇద్దరికి: ఏ గ్లాసైనా సరే, అన్నీ దాంతోనే కొలువు. అర గ్లాసు నూకలు కడిగి అరగంట నానబెట్టు. మూడు గ్లాసుల నీళ్లు మరగనిచ్చి, ఉప్పు, నూకలు వేసి మెత్తగా ఉడికించు. ఒక గ్లాసు పిండి మధ్యలో కుప్పగా పోసెయ్యి, కలపొద్దు. కట్టెతో కుప్ప మధ్యలో ఒక బొక్క చేసి, మూత పెట్టి, సన్న మంట మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచు. దించి, గిన్నెని తువ్వాలుతో పట్టుకుని గట్టిగా గెలుకు. చేతులు తడిచేసుకుని ముద్దలు కట్టు.

ఊరిబిండి: గుప్పెడు గింజలు దోరగా వేయించి పొట్టు తీసెయ్యి. మిరపకాయలు కూడా వేయించు. చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు వేసి, కొంచెం నీళ్లతో కాస్త పలుకుగా రుబ్బు.

పిండి ఆడించిన తేదీ: ..."

ఆ చివరి లైను మరిచిపోకండి. తేదీ కనపడితే వాళ్లు పిండిని ముందు వాడతారు. కార్డు రాశాక, అదే సామానుతో, అదే కార్డు చూసి, ఇంట్లో వంట అంతగా రానివాళ్లతో ఒకసారి వండించండి. మా తమ్ముడు వండినప్పుడు పిండి పొయ్యగానే కలిపేశాడు, ఉండలు కట్టింది. "కలపొద్దు" అన్న మాట కార్డులోకి అలా వచ్చింది.

మూట కట్టడం

సామానంతా ఒకచోట పెట్టుకున్నాకే తట్ట కొనడానికి వెళ్లండి. ఈ కొలతలకి 10 అంగుళాల తట్ట సరిపోయింది. తువ్వాలు 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు ఉండాలి. దాన్ని నేల మీద పరిచి తట్టని సరిగ్గా మధ్యలో పెట్టండి. అడుగున పిండి, నూకల సంచులు పక్కపక్కన, వాటి మధ్య సందులో నెయ్యి సీసా నిలువుగా ఉండాలి. సీసా మూత కింద చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి బిగించండి. మన ఎండలకి నెయ్యి కరిగి నీళ్ల మాదిరి అవుతుంది, పడుకోబెడితే కచ్చితంగా కారుతుంది. వాటి పైన గింజలు, ఒక పక్కన బెల్లం, ఎదురు పక్కన చింతపండు. అన్నిటికంటే పైన మిరపకాయల సంచి, కింద పెడితే అవి నలిగి పొడి అవుతాయి. చివరగా కార్డు.

ఇప్పుడు తువ్వాలు వెడల్పు వైపు అంచులు రెండూ పైకి తెచ్చి సామాను మీద కప్పండి. పొడుగు వైపు కొసలు రెండూ పైకి లాగి ఒక ముడి వేయండి. ఆ ముడి మీద కట్టెని అడ్డంగా పెట్టి, దాని మీదుగా రెండో ముడి వేయండి. కట్టె రెండు పక్కలా కొంచెం బయటికి కనిపిస్తుంది, విప్పకముందే ఇదేదో సంగటి సంగతని తెలిసిపోతుంది.

కార్తీకమాసంలో ఇదే పద్ధతితో ఒక సాయంత్రం దీపాలకి చిన్న మూట కట్టొచ్చు: మట్టి ప్రమిదలు, వత్తులు, చిన్న సీసాలో నువ్వులనూనె, అగ్గిపెట్టె. ప్రమిదకి ఎంత నూనె పడుతుందో ముందు కొలిచి, ప్రమిదల లెక్కకి సరిపడా సీసా కొనాలి, అంతే తేడా. తీసుకునే ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్లుంటే సద్దిమూటలోంచి బెల్లం తీసేసి, ఆ డబ్బుతో గింజలు ఇంకొంచెం పెట్టండి.

ఇచ్చే ముందు ముడి పట్టుకుని మూట ఎత్తి, ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకి నాలుగడుగులు వేయండి. ఒక పక్కకి ఒరిగితే లోపల బరువు రెండు పక్కలా సమంగా సర్దుకోలేదన్నమాట. లోపల సీసా కదులుతున్న చప్పుడు వస్తే విప్పి, దాని పక్కన గింజల సంచి దూర్చి, మళ్లీ కట్టండి.